పిల్లలూ, చీటీ గురించి అడిగారు కదా

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో "చీటీ అంటే ఏంటి అమ్మమ్మా, నువ్వెందుకు మానేశావు" అని అడిగారు. అది రెండు మాటల్లో అయ్యేది కాదు, అందుకే రాస్తున్నాను.

మా వీధిలో 20 మందిమి, నెలకు వెయ్యి చొప్పున 20 నెలల చీటీ వేసుకున్నాం. నెలకు 20,000 పోగవుతుంది. మొదటి నెల డబ్బు చీటీ నడిపేవాళ్లది, అంటే నాది. తర్వాత ప్రతి నెలా పాట, అంటే వేలం: ఎవరు ఎక్కువ తగ్గించుకుంటామంటే ఆ నెల డబ్బు వాళ్లది. మూడో నెలలో కూతురి పెళ్లి ఉందని ఒకాయన 5,000 తగ్గించి పాడి 15,000 ఎత్తుకున్నాడు. ఆ 5,000 ఇరవై మందికీ పంచితే తలా 250, కాబట్టి ఆ నెల మేమంతా 750 కడితే సరిపోయింది. చూశారా, అవసరం ఉన్నవాడికి వెంటనే డబ్బు, ఆగగలిగినవాళ్లకు లాభం. కాగితం లేదు, సంతకం లేదు. మిగతా 17 నెలలూ కడతానని ఆయన అన్న మాట ఒక్కటే.

ఎనిమిదో నెలలో ఆయన రాలేదు. ఇంటికెళితే తలుపు తీయలేదు. డబ్బు లేకపోవడం తప్పేం కాదర్రా. అదే వీధిలో ఒకామె "అక్కా, ఈ నెల పదో తారీఖు దాకా ఆగు" అని ముందే వచ్చి చెప్పేది, ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఈయన మొహం చాటేశాడు, అందరికీ భయం పుట్టింది అక్కడే.

ఆ నెల ఆయన వంతు నేనే వేశాను. తొమ్మిదో నెలకు, అప్పటికే చీటీ ఎత్తుకున్న ఇంకో ఇద్దరు "ముందు ఆయన దగ్గర వసూలు చెయ్యండి, తర్వాత మేం కడతాం" అన్నారు. ఎత్తుకోనివాళ్లకు టెన్షన్ పట్టుకుంది, చివరిదాకా ఆగితే అసలుకే మోసం వస్తుందేమోనని. మామూలుగా 3,000 దగ్గర ఆగే పాట 7,000 దాకా పోయింది. కొడుకు ఫీజు కోసం అన్ని నెలలు ఆగిన ఒకావిడ చివరికి 13,000 తీసుకుని కళ్లనీళ్లతో వెళ్లింది. ఎగ్గొట్టింది ఒకరు, నష్టపోయింది ఆమె.

పదో నెలతో చీటీ ఆపేశాను. ఇంకా ఎత్తుకోని పదిమందికి వాళ్లు కట్టింది తిరిగివ్వాలి. ఎత్తుకున్నవాళ్లలో చాలామంది నెలనెలా కట్టారు, ఎగ్గొట్టిన ఆ ముగ్గురి వంతుకు మాత్రం నా గాజులు తాకట్టుకెళ్లాయి. రెండేళ్లు పట్టింది విడిపించడానికి.

నా గాజుల కంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. అంతకుముందు మా వీధిలో గ్యాస్ సిలిండర్‌కో, బస్సు ఛార్జీకో చేబదులు అడగడానికి ఎవరూ మొహమాటపడేవాళ్లు కాదు. ఆ తర్వాత ఐదొందలు అడిగినా "ఎప్పుడిస్తావు?" అనే ప్రశ్న ముందొచ్చేది. ఆ వీధిలో మళ్లీ చీటీ ఎవరూ వేయలేదు. మరుసటి జూన్‌లో బడి ఫీజులకు నలుగురైదుగురు నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నారు. అందులో ఆ ఫీజు ఆవిడ కూడా ఉంది.

మీ
అమ్మమ్మ