నాలుగు పొరలు, ఏడు పొరలు: బాణాలు గీస్తే జవాబు అయిపోదు

నెట్‌వర్క్స్ పేపర్లు దిద్దుతుంటే, 'ఓఎస్‌ఐ పొరలను టీసీపీ/ఐపీ పొరలతో సరిపోల్చండి' అనే మ్యాపింగ్ ప్రశ్న దగ్గర ఒకే బొమ్మ పదేపదే కనిపిస్తుంది. ఎడమ వైపు ఓఎస్‌ఐ ఏడు గళ్లు, కుడి వైపు టీసీపీ/ఐపీ నాలుగు గళ్లు, మధ్యలో స్కేలు పెట్టి గీసిన బాణాలు. కింద ఒక్క వాక్యం ఉండదు. బాణం అటే ఎందుకు వెళ్లిందో రాయకపోతే పది మార్కుల ప్రశ్నకు నాలుగు వేయడానికి కూడా నాకు చెయ్యి రాదు.

అపోహ: ఓఎస్‌ఐని కుదిస్తే టీసీపీ/ఐపీ వచ్చింది.

వరస తిరగబడింది. టీసీపీ ఆలోచనను వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లోనే ప్రచురించారు. ఆర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారింది. ఓఎస్‌ఐ మోడల్ ఐఎస్‌ఓ 7498 పేరుతో ప్రమాణంగా వెలువడింది 1984లో. ఒకచోట ప్రోటోకాల్స్ ముందు నడిచాయి, వాటిని వర్ణించే మోడల్ తర్వాత కుదిరింది. రెండోచోట మోడల్ ముందు, ప్రోటోకాల్స్ తర్వాత. అందుకే 'పై మూడు పొరలను టీసీపీ/ఐపీలో కలిపేశారు' అని రాయకండి, ఎవరూ కలపలేదు. 'ఆ మూడింటి పనులు అప్లికేషన్ పొరకు వస్తాయి' అని రాయండి.

అపోహ: సెషన్, ప్రెజెంటేషన్ పొరలు లేవు కాబట్టి ఆ పనులూ లేవు.

గళ్లు లేవు, పనులు ఉన్నాయి. మ్యాపింగ్ ప్రశ్నలో అసలు సరుకు ఇక్కడే ఉంది. ల్యాబ్‌లో వైర్‌షార్క్ తెరిచి, టీసీపీ మీద నడిచే ఒక హెచ్‌టీటీపీఎస్ పేజీ లోడ్ చేసి, డేటా మోసుకెళ్తున్న ఒక ప్యాకెట్ మీద నొక్కండి. కింద దాదాపు ఇలా కనిపిస్తుంది:

```
Frame
Ethernet II
Internet Protocol Version 4
Transmission Control Protocol
Transport Layer Security
```

సెషన్ అని గానీ ప్రెజెంటేషన్ అని గానీ వరస లేదు. కానీ ఎన్‌క్రిప్షన్ జరుగుతోంది, అది ఓఎస్‌ఐ లెక్కలో ప్రెజెంటేషన్ పని. సర్వర్ పంపే `charset=utf-8` కూడా అదే పని: మూడు బైట్లను 'అ' అనే ఒక్క అక్షరంగా ఎలా చదవాలో బ్రౌజర్‌కు చెబుతుంది. లాగిన్ అయిన మనిషిని గుర్తుపెట్టుకునే కుకీ సెషన్ తరహా పని. ఇవన్నీ నాలుగు పొరల మోడల్‌లో టీసీపీకి పైనే, అంటే అప్లికేషన్ పొరలోనే జరుగుతాయి.

ఆఖరి వరస పేరు చూసి టీఎల్‌ఎస్‌ను ట్రాన్స్‌పోర్ట్ గడిలో పెట్టేవాళ్లు ఎక్కువ. పేరు మోసం చేస్తుంది. పోర్టు నంబర్లు, వరస సంఖ్యలు, పోయిన సెగ్మెంట్‌ను మళ్లీ పంపడం ఇవన్నీ టీసీపీ చూసుకుంటుంది, టీఎల్‌ఎస్ దాని మీద కూర్చుంటుంది. టీఎల్‌ఎస్‌లో హ్యాండ్‌షేక్ భాగం సెషన్‌కు, ఎన్‌క్రిప్షన్ భాగం ప్రెజెంటేషన్‌కు దగ్గర. 'ఒకే ఓఎస్‌ఐ గడిలో పూర్తిగా ఒదగదు' అని కారణంతో సహా రాసిన పిల్లల పేపరు దగ్గర నా పెన్ను కాస్త మెత్తబడుతుంది.

అపోహ: ఏఆర్‌పీ ఐపీ అడ్రస్‌తో పనిచేస్తుంది కాబట్టి ఇంటర్నెట్ పొరదే.

చాలా నోట్సుల్లో ఇలాగే ఉంటుంది, కాబట్టి దీన్ని పూర్తిగా తప్పని కొట్టేయను. కానీ ఫ్రేమ్ విప్పి చూడండి. మామూలు ఐపీ ప్యాకెట్ మోసే ఈథర్నెట్ ఫ్రేమ్‌లో టైప్ గడి `0x0800`. ఏఆర్‌పీకి అది `0x0806`. అంటే ఏఆర్‌పీ సందేశానికి ఐపీ హెడర్ ఉండదు, నేరుగా ఈథర్నెట్ ఫ్రేమ్‌లో ఎక్కుతుంది. రౌటర్ దాన్ని అవతలి నెట్‌వర్క్‌కు ఫార్వర్డ్ చేయదు. నాలుగు పొరలను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 1122 (1989) కూడా ఏఆర్‌పీని లింక్ పొర అధ్యాయంలోనే చర్చిస్తుంది. మీ సిలబస్ పుస్తకం ఇంటర్నెట్ పొర అంటే అలాగే పెట్టి, పక్కన ఈ కారణం ఒక వాక్యంలో రాయండి.

అపోహ: లింక్ పొర అంటే ఓఎస్‌ఐలో 1, 2 పొరలు, అంతే.

పట్టికలో అలా రాస్తే మార్కు వస్తుంది. కానీ వోల్టేజీ, కేబుల్, కనెక్టర్ల గురించి ఆర్‌ఎఫ్‌సీ 1122 ఏమీ నిర్దేశించదు, వాటిని ఈథర్నెట్ లాంటి ప్రమాణాలకు వదిలేసింది. కొన్ని పుస్తకాలు ఫిజికల్‌ను విడదీసి ఐదు పొరలు చూపడానికి కారణం ఇదే. ప్రశ్నలో 'నాలుగు' అని ఉంటే ఐదు గళ్లు గీయకండి.

టీఎల్‌ఎస్ గురించి అడిగితే నేను వెతికే జవాబు ఇంత పొడవే: 'టీఎల్‌ఎస్ టీసీపీ మీద నడుస్తుంది కాబట్టి నాలుగు పొరల మోడల్‌లో అప్లికేషన్ పొరకు చెందుతుంది. ఓఎస్‌ఐలో దాని ఎన్‌క్రిప్షన్ పని ఆరో పొరకు, హ్యాండ్‌షేక్ పని ఐదో పొరకు సరిపోలుతుంది.'