పెళ్లిచూపుల్లో ఫోటోకి ఇవ్వవలసిన చోటు

పెళ్లీడుకొచ్చిన పిల్లలకు, ఆశీస్సులు.

మధ్యవర్తి పంపిన బయోడేటా ఫోన్‌లో తెరవగానే మొదట కనబడేది ఫోటో. ఆ తరువాత ఎత్తు, ఛాయ, చదువు, జీతం, అన్నిటికన్నా చివర ఇంటి సంగతులు. స్టూడియోలో దిద్దిన ముఖాన్ని అర నిమిషం చూసి వద్దనుకున్నాక మిగతాది ఎవరూ చదవరు. అందుకని ఇంట్లో ఒకరిని ముందుగా వివరాలు చదివి వినిపించమనండి, ఫోటో ఆ తరువాత చూడండి.

రూపం అక్కరలేదని నేననను. ఎదుట కూర్చుంటే మనసు ముడుచుకుపోయే మనిషిని చేసుకొమ్మని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. అయితే ఆ ముఖం రోజూ చూడటానికి ఇబ్బంది లేదనిపిస్తే చాలు, నిన్నటి సంబంధం కన్నా బాగున్నారా అన్న పోలిక అనవసరం. ‘పిల్ల కాస్త చామనఛాయ కదా’ అంటూ కట్నం మాట ఎత్తే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం కనుక, ఆ మాట వచ్చిన చోటే సంబంధం వదులుకోండి.

మా బంధువులలో తెనాలి అమ్మాయి ఒకతె హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆమెకు ఒకేసారి రెండు సంబంధాలు వచ్చాయి. ఒక అబ్బాయి చూడటానికి చక్కగా ఉన్నాడు, రెండో అతనికి ముందు జుట్టు పల్చబడింది. ఇద్దరితోనూ పెద్దల ముందు పావుగంట కాకుండా, విడిగా గంటసేపు మాట్లాడించాము. ‘పెళ్లయ్యాక ఉద్యోగం చేయనిస్తారా’ అని అడిగితే ఎవరైనా ‘తప్పకుండా’ అనే అంటారు కాబట్టి, ‘నాకు బెంగళూరు బదిలీ అయితే ఏం చేద్దాం, మీ జీతంలో ఇంటికెంత పోతుంది’ అని అడగమన్నాను. మొదటి అబ్బాయి రెండింటికీ ‘అమ్మానాన్న చూసుకుంటారు’ అన్నాడు. రెండో అతను, తమ్ముడి చదువు అప్పుకు నెలకు పన్నెండు వేలు కడుతున్నాననీ, ఇంకా రెండేళ్లు ఉందనీ, బదిలీ విషయం మాత్రం ఆలోచించుకుని చెబుతాననీ అన్నాడు. నాలుగో రోజున తానే ఫోన్ చేసి, తన కంపెనీకి అక్కడ శాఖ లేదు గనుక ఏడాది వేరుగా ఉండవలసి రావచ్చని చెప్పాడు. ఆ జవాబు ఆమెకు పూర్తిగా నచ్చలేదు, కానీ దాని మీద వాళ్లిద్దరూ ఇంకో రెండుసార్లు కలిసి మాట్లాడుకున్నాకే తాంబూలాలు పుచ్చుకున్నాము.

చెప్పిన మాట నిజమేనా అని విచారించే పని పెద్దలది. పని చేసే చోట, అద్దెకున్న ఇంటి చుట్టుపక్కల మర్యాదగా వాకబు చేయమనండి, అప్పుల సంగతి మాత్రం మీరే సూటిగా అడగండి.

వద్దనుకుంటే వారం లోపలే మధ్యవర్తికి చెప్పించండి. ‘మా ఆలోచనలు కలవలేదు’ అంటే చాలు. రంగు, లావు, పొట్టి అన్న మాటలు అటు ఇంటికి చేరనివ్వకండి. వాళ్లు పంపిన ఫోటోలు మీ ఇంటి ఫోన్లన్నింటిలోంచి తీసేయించండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ