సామూహిక బేరసారాలు: జీతాల ఒప్పందం గురించి అపోహలు, వాస్తవాలు

హెచ్ఆర్ చదివేవాళ్లకు ఈ పాఠంలో నిర్వచనాలు, రకాలు తొందరగానే వచ్చేస్తాయి. చిక్కు వచ్చేది లెక్క దగ్గర. అందుకే ఇక్కడ జీతాల ఒప్పందం ఒక్కటే తీసుకుని, చివరిదాకా ఒకే ఉదాహరణతో వెళ్దాం. ఒక కర్మాగారంలో 400 మంది పనిచేస్తున్నారు. వాళ్లలో 300 మంది సాధారణ కార్మికులు, ఒక్కొక్కరి బేసిక్ ఏడాదికి 80 యూనిట్లు. మిగతా 100 మంది నైపుణ్యం ఉన్నవాళ్లు, వాళ్ల బేసిక్ 160. మొత్తం 40,000 యూనిట్లు, సగటు 100. ఏ దేశం డబ్బు పెట్టి చూసినా లెక్క మారదు.

అపోహ: మూడేళ్లకు 15 శాతం పెంపు అంటే, ఏ ఏడు ఎంత ఇచ్చినా ఒకటే

వాస్తవం: ఏ ఏడు ఎంత ఇస్తారన్నదే ఒప్పందం ఖరీదును తేలుస్తుంది. ఒక ప్రతిపాదనలో మొదటి ఏడు 9 శాతం, తర్వాత రెండేళ్లు మూడేసి శాతం ఉన్నాయనుకోండి. సగటు బేసిక్ 100 నుంచి 109కి, తర్వాత 112.27కి, చివరికి 115.64కి చేరుతుంది. ఇంకో ప్రతిపాదన దీన్నే తిరగేసింది: మొదటి రెండేళ్లు మూడేసి, చివర్లో 9. అప్పుడు 103, 106.09, మళ్లీ 115.64. ముగింపు అంకె రెండింటిలోనూ అదే.

ఇప్పుడు పాత బేసిక్ కంటే ఏటా ఎంత ఎక్కువ అందిందో కూడండి. మొదటిదాంట్లో 9, 12.27, 15.64 కలిపి 36.91. రెండోదాంట్లో 3, 6.09, 15.64 కలిపి 24.73. తేడా 12.18 యూనిట్లు, అంటే సగటు కార్మికుడికి దాదాపు నెలన్నర పాత బేసిక్. 400 మందికి 4,872 యూనిట్లు. చర్చల బల్ల మీద శాతాలే వినిపిస్తాయి కాబట్టి ఈ తేడా ఎవరి కంటా పడకుండా పోతుంది. అనుభవం ఉన్న యూనియన్ నాయకులు మొదటి ఏడాది అంకె మీద పట్టుబట్టేది ఇందుకే.

పైన వేసింది బేసిక్ లెక్క మాత్రమే. పింఛను నిధి వాటా, ఓవర్‌టైమ్, సెలవు జీతం లాంటివి బేసిక్‌తో పాటే పెరుగుతాయి. ప్రతి 100 బేసిక్‌కు ఇవి ఇంకో 30 అనుకుంటే, 36.91 కాస్తా దాదాపు 48 అవుతుంది. అయితే యూనిఫాం, క్యాంటీన్, వైద్య బీమా ప్రీమియం సాధారణంగా బేసిక్‌తో కదలవు. వాటినీ ఆ 30లో కలిపేసి ఖర్చును పెద్దగా చూపించడం యాజమాన్యం పత్రాల్లో తరచూ కనిపించే తప్పు. యూనియన్ తరఫున లెక్క చూసేవాళ్లు దాన్ని పట్టుకున్నారంటే, ఆ తర్వాత యాజమాన్యం పెట్టే ఏ కాగితాన్నీ నమ్మరు.

బేసిక్ పెంచకుండా ఏటా 5 యూనిట్లు ఏకమొత్తంగా ఇచ్చే పద్ధతీ ఉంది. మూడేళ్లకు అయ్యేది 15 యూనిట్లే. ఏటా 5 శాతం బేసిక్‌లో కలిపితే 31.01 అవుతుంది. ఏకమొత్తం పద్ధతిలో మూడేళ్ల తర్వాత కూడా బేసిక్ 100 దగ్గరే ఉంటుంది, తర్వాతి చర్చలు అక్కడి నుంచే మొదలవుతాయి. చేతికి వచ్చిన డబ్బు చూసి సంతోషపడిన కార్మికుడికి నష్టం తెలిసొచ్చేది పింఛను లెక్క కట్టేటప్పుడు.

అపోహ: యూనియన్ అంటే ఒకే గొంతు, నాయకుడు ఒప్పుకుంటే పని అయిపోయినట్టే

వాస్తవం: చర్చల గదిలో జరిగే బేరంతో పాటు యూనియన్ లోపల కూడా ఒక బేరం నడుస్తూ ఉంటుంది. అమెరికన్ పరిశోధకులు వాల్టన్, మెకర్సీ 1965లో సామూహిక బేరసారాలను నాలుగు ప్రక్రియలుగా విడదీసినప్పుడు ఈ లోపలి బేరాన్ని వాటిలో ఒకటిగా చేర్చారు. పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా వదిలేసేదీ దీన్నే.

మన కర్మాగారంలో మొదటి ఏడాది పెంపుకు 4,000 యూనిట్లు పెట్టడానికి ఇరుపక్షాలూ సిద్ధపడ్డాయి అనుకుందాం. ఆ మొత్తాన్ని అందరికీ 10 శాతంగా పంచితే సాధారణ కార్మికుడికి 8, నైపుణ్యం ఉన్నవాడికి 16. తలా 10 చొప్పున పంచితే మొదటివాళ్లకు 12.5 శాతం, రెండోవాళ్లకు 6.25 శాతం పెరుగుతుంది. యాజమాన్యానికి ఖర్చు ఒక్కటే, యూనియన్‌కు మాత్రం ఇవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఓటు పెడితే 300 మంది తలా 10కే చేతులెత్తుతారు. కానీ రెండింతలు ఉన్న జీతాల తేడా 1.89 రెట్లకు తగ్గుతుంది. ఇలా రెండు మూడు ఒప్పందాలు వరసగా జరిగితే కొత్త పని నేర్చుకుని పై గ్రేడుకు వెళ్లాలన్న ఆసక్తి తగ్గుతుంది. నైపుణ్యం ఉన్నవాళ్లు ఓవర్‌టైమ్‌కు రామంటారు, రాజీనామాలు పెరుగుతాయి, విడిగా యూనియన్ పెట్టుకునే మాట మొదలవుతుంది.

మధ్యేమార్గం తలా 5 యూనిట్లతో పాటు 5 శాతం. సాధారణ కార్మికుడికి 9, నైపుణ్యం ఉన్నవాడికి 13. మొత్తం ఖర్చు అదే 4,000. ఇలాంటి మిశ్రమాన్ని కుదుర్చుకోవడానికి యూనియన్ నాయకులకు సభ్యులతో మాట్లాడే సమయం కావాలి. ‘సభ్యులను అడిగి చెబుతాం’ అన్న మాటను సాగదీతగా తీసుకుని గడువు బిగిస్తే నాయకులు సంతకం పెట్టినా సభ్యుల ఓటులో ఒప్పందం పడిపోతుంది. ఒకసారి పడిపోయాక, అంతకంటే తక్కువకు ఒప్పించడం ఏ నాయకుడికీ సాధ్యం కాదు.

అపోహ: చిత్తశుద్ధితో చర్చించడమంటే ఎంతో కొంత ఇచ్చి తీరాలి

వాస్తవం: అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి 98వ ఒప్పందం ప్రోత్సహించేది స్వచ్ఛంద చర్చలనే. చిత్తశుద్ధి అంటే నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లను పంపడం, అవసరమైన సమాచారం ఇవ్వడం, కాదన్నప్పుడు కారణం చెప్పడం. కారణాలు చూపి కాదన్నంత మాత్రాన చిత్తశుద్ధి లేదనలేం. చర్చిస్తున్నట్టు నటించడాన్ని గుర్తుపట్టాలంటే వీటిని గమనించండి: ప్రతి చిన్న అంశానికీ ‘పైవాళ్లను అడగాలి’ అనడం, తేదీలు పదేపదే మార్చడం, ఒక అంశం తేలాక దాని మీదే కొత్త షరతు తేవడం.

అపోహ: సంతకాలతో హెచ్ఆర్ పని ముగుస్తుంది

వాస్తవం: తగాదాలు ఎక్కువగా మొదలయ్యేది బకాయిల చెల్లింపు దగ్గర. పాత ఒప్పందం ముగిసిన ఏడు నెలలకు కొత్తది కుదిరి, పాత గడువు ముగిసిన రోజు నుంచే అమలు చేయాలని రాసుకున్నారు అనుకుందాం. ఆ ఏడు నెలల్లో రిటైరైనవాళ్లకు బకాయి వస్తుందా? అప్పుడు చేసిన ఓవర్‌టైమ్‌ను కొత్త బేసిక్ మీద తిరగలెక్కిస్తారా? జీతం లేని సెలవులో ఉన్న నెలల సంగతేమిటి? నాలుగో నెలలో పై గ్రేడుకు వెళ్లిన కార్మికుడికి ముందు పదోన్నతి జీతం కట్టి ఆ తర్వాత సవరణ వేయాలా, లేక సవరణ వేసి పదోన్నతి ఇవ్వాలా? ఈ క్రమం మారితే అతని బేసిక్ కూడా మారవచ్చు.

ఇవి కొత్త డిమాండ్లు కావు. రాసుకున్న ఒప్పందానికి అర్థం చెప్పుకోవడంలో వచ్చే హక్కుల వివాదాలు. ఇవి ఫిర్యాదుల విధానంలో వెళ్లాలి: ముందు సూపర్‌వైజర్, తర్వాత విభాగాధిపతి, ఆపైన ఉమ్మడి కమిటీ, అక్కడా తేలకపోతే మధ్యవర్తి. ప్రతి మెట్టుకూ ఇన్ని రోజులని గడువు రాయకపోతే ఫిర్యాదు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

సంతకాలకు ముందే ముగ్గురు ఊహాజనిత కార్మికులకు బకాయి పూర్తిగా లెక్కకట్టి ఆ పట్టికను ఒప్పందానికి అనుబంధంగా జోడించాలి. ఒకరు మామూలుగా పనిచేసినవాళ్లు, ఒకరు మధ్యలో రిటైరైనవాళ్లు, ఒకరు పదోన్నతి పొందినవాళ్లు. ఈ పట్టిక మీద కూడా ఇరుపక్షాలూ సంతకం చేయాలి.