రైటర్‌కి ఇచ్చే బ్రీఫ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఉండి చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు కంటెంట్ చేయించి ఇవ్వడం నా పని. రాసేది ఫ్రీలాన్సర్లు. ఏం రాయాలో వాళ్లకి ముందుగా రాసి పంపే సూచనలే బ్రీఫ్. డ్రాఫ్ట్ బాగా రాకపోతే మొదట్లో రైటర్ మీద విసుక్కునేవాణ్ని.

అపోహ: టాపిక్, పదాల సంఖ్య, కీవర్డ్ చెబితే చాలు. మిగతాది రైటర్ చూసుకుంటారు.

శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మే ఒకాయన కోసం నేను పంపిన బ్రీఫ్ మొత్తం ఇంతే: "కలంకారీ చీరల గురించి 900 పదాలు, శుక్రవారం లోపు." రైటర్ మంచి చెయ్యి. భాషలో వంక పెట్టేందుకు ఏమీ లేదు. కానీ సగం చరిత్రే, మిగతా సగంలో చెక్క అచ్చులు చెక్కి రంగులో ముంచి అద్దే పద్ధతి. క్లయింట్ ఫోన్ చేసి, "ఏందన్నా ఇది, మా పని గాదే!" అన్నాడు.

నిజమే. అచ్చులతో అద్దేది మచిలీపట్నం, పెడన వైపు పద్ధతి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. రెండింటినీ కలంకారీ అనే అంటారు కాబట్టి రైటర్ రాసినదాంట్లో అబద్ధం లేదు. ఏది కావాలో నేను చెప్పలేదు, అంతే.

వాస్తవం ఏమిటంటే, రైటర్ వెతికినా దొరకనిది బ్రీఫ్‌లో ఉండాలి. ఎవరు చదువుతారు, ఏ అనుమానంతో వస్తారు, చదివాక ఏం తేల్చుకోవాలి అన్నవి క్లయింట్‌కే తెలుస్తాయి. ఆయన్ని ఒక్కటే అడిగాను: "కొట్టుకి వచ్చినవాళ్లు మిమ్మల్ని ఎక్కువగా ఏం అడుగుతారు?" "ఇది చేత్తో గీసిందా, ప్రింటా? ప్రింటైతే తక్కువకే వస్తుంది కదా అంటారు" అన్నాడు. ఆ మాట మీదే రెండో బ్రీఫ్ కట్టాను:

*చదివేది:* తొలిసారి చేతి కలంకారీ చీర కొనబోతున్న ఆమె. ధర చూసి వెనకాడుతోంది.
*ప్రశ్న:* ఇది చేతిపనేనని ఎలా నమ్మాలి?
*చదివాక:* చీర చేతిలోకి తీసుకుని తనే పోల్చుకోగలగాలి.
*తప్పక రావాల్సినవి:* అచ్చులో ఒకే పువ్వు అదే ఆకారంలో మళ్లీ మళ్లీ వస్తుంది, అచ్చు అంచులు కలిసేచోట అతుకు కనిపించవచ్చు. చేత్తో గీస్తే ఏ రెండు పువ్వులూ ఒకేలా ఉండవు, గీత మందం మారుతుంది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. నల్లరంగు ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది.
*వద్దు:* చరిత్ర రెండు వాక్యాలు దాటొద్దు. పెడన పని తక్కువదన్నట్టు రాయొద్దు.
*అనుమానం వస్తే:* ఊహించొద్దు, ఆ చోట గుర్తు పెట్టి నన్ను అడగండి.

రెండో డ్రాఫ్ట్ వేరే రైటర్ రాశారు. నేను దిద్దింది మూడు వాక్యాలు. "వద్దు" అన్న వరుస లేకపోతే చరిత్ర మళ్లీ ముందుకొచ్చేది, ఎందుకంటే వెతికితే మొదట దొరికేది అదే.

అపోహ: బ్రీఫ్ ఎంత పొడవుంటే అంత మంచిది.

ఒకసారి ఆరు పేజీలు పంపాను. ఏ పేరాలో ఏం రావాలో కూడా నేనే రాసేశాను. వచ్చిన డ్రాఫ్ట్ నా పాయింట్లను అతికించినట్టుంది. ఇప్పుడు ఒక పేజీ దాటనివ్వను. ఏం చెప్పాలో నాది, ఎలా చెప్పాలో రైటర్‌ది.

అపోహ: "సింపుల్‌గా, ఆకట్టుకునేలా" అంటే శైలి చెప్పినట్టే.

ఆ మాటకి ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. దానికి బదులు క్లయింట్ తన కొట్లో మాట్లాడిన నాలుగు వాక్యాలు రికార్డు చేసి, రాసి ఇస్తాను. ఈ గొంతు కావాలి, ఇంతకన్నా గ్రాంథికం వద్దు అంటే వెంటనే అర్థమవుతుంది. కీవర్డ్ విషయంలోనూ అంతే. ఎన్నిసార్లు రావాలో లెక్క చెప్పను, శీర్షికలో ఒకసారి ఉంటే చాలంటాను. లెక్క చెబితే వాక్యాలు వంకర్లు పోతాయి.

అపోహ: మంచి బ్రీఫ్ ఇచ్చాక డ్రాఫ్ట్ వచ్చేదాకా ఆగడమే.

బ్రీఫ్ పంపిన మర్నాడు ఐదు వరుసల్లో వ్యాసం నడక అడుగుతాను. మొదటి వరుస "కలంకారీ ప్రాచీన కళ" అని మొదలైతే నా బ్రీఫ్ అందలేదని తెలిసిపోతుంది. అక్కడ మార్చడానికి పది నిమిషాల ఫోన్ చాలు. 900 పదాలయ్యాక ఇద్దరికీ టెన్షనే.

ఎంత రాసిచ్చినా క్లయింట్ తర్వాత మనసు మార్చుకుంటే ఏ బ్రీఫూ ఆపలేదు. అందుకే రైటర్‌కి పంపేముందు క్లయింట్ చేత వాట్సాప్‌లో "ఓకే" అనిపించుకుంటాను. బ్రీఫ్‌లో ఉన్నది రాకపోతే రైటర్ ఉచితంగా సరిచేస్తారు. బ్రీఫ్‌లో లేనిది కొత్తగా అడిగితే నేను విడిగా డబ్బులిస్తాను.