ముఖంతో బిల్లు కట్టే కౌంటర్ నాలుగు అంకెలు ఎందుకు అడుగుతుంది?

చైనాలోని హాంగ్‌జౌలో 2017లో ఒక కేఎఫ్‌సీ దుకాణంలో అలీపే సంస్థ ముఖంతో డబ్బు కట్టే యంత్రం పెట్టింది. కెమెరా వైపు చూశాక ఆ యంత్రం ఫోన్ నంబరు కూడా అడిగేది. ముఖం గుర్తుపట్టే యంత్రానికి నంబరుతో పనేముందని అనిపించవచ్చు. ఈ పద్ధతి పొరపాటు లేకుండా పనిచేయడానికి చాలావరకు కారణం ఆ అంకెలే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఫోన్ లాక్ తీసేటప్పుడు యంత్రం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ముఖం ఫోన్ యజమానిదేనా? పోలిక ఒకరితోనే. 2025 అక్టోబరు నుంచి యూపీఐలో పిన్ బదులు ఫోన్‌లోని ముఖం గుర్తింపు వాడుకునే వీలు వచ్చింది, అందులోనూ జరిగేది ఇదే. దుకాణం కౌంటర్ ముందు నిలబడితే ప్రశ్న మారుతుంది: నమోదైన వాళ్లందరిలో ఈ ముఖం ఎవరిది? ఇక్కడ పోలిక వేల మందితో, లక్షల మందితో.

కర్నూలులో ఒక సూపర్ మార్కెట్ ఉందనుకుందాం. నంద్యాల, ఆదోని, ఎమ్మిగనూరు శాఖలు కూడా కలిపి లక్ష మంది ముఖాలు నమోదయ్యాయి. యంత్రం దగ్గర ఫొటోలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఉండదు. ముందు కెమెరా బొమ్మలో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్లు, ముక్కు, పెదాల చివరలు పట్టుకుని ముఖాన్ని నిటారుగా సర్దుతుంది. తర్వాత న్యూరల్ నెట్‌వర్క్ అనే, ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్ ఆ ముఖాన్ని ఒక అంకెల వరుసగా మారుస్తుంది, చాలా వ్యవస్థల్లో అవి 128 గానీ 512 గానీ ఉంటాయి. ఒకే మనిషి రెండు ఫొటోల వరుసలు దగ్గరగా, ఇద్దరు వేర్వేరు మనుషులవి దూరంగా వచ్చేలా ఆ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇస్తారు. ఎంత దగ్గరగా ఉంటే "ఒకరే" అనాలో ఒక గీత గీస్తారు. ఆ గీతను ఎక్కడ గీశారన్నదాని మీదే పొరపాట్లు ఎన్నొస్తాయో ఆధారపడి ఉంటుంది.

గీతను బాగా కఠినంగా పెట్టి, సంబంధం లేని ఇద్దరిని ఒకరే అనుకునే అవకాశం పది లక్షల పోలికల్లో ఒకసారికి తగ్గించామనుకుందాం. వినడానికి భద్రంగానే ఉంది. అయితే నమోదు కాని మనిషి ఒకరు కౌంటర్ ముందుకు వస్తే లక్ష పోలికలు జరుగుతాయి. వాటిలో ఒక్కటైనా తప్పుగా కలిసే అవకాశం దాదాపు 9.5 శాతం. అంటే అలా వచ్చే ప్రతి వంద మందిలో తొమ్మిది పది మంది ముఖాలు మరెవరి ఖాతాకో అతుక్కుంటాయి. డబ్బు వ్యవహారంలో ఇది ఒప్పుకోదగ్గ లెక్క కానే కాదు.

ఇప్పుడు ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు నొక్కించండి. నాలుగు అంకెలకు పదివేల కలయికలున్నాయి, కాబట్టి లక్ష మందిలో ఆ అంకెలున్నవాళ్లు సగటున పది మందే ఉంటారు. పోలికలు పదికి తగ్గాయి, పొరపాటు అవకాశం లక్షలో ఒకటికి దిగింది. కెమెరా మారలేదు, నెట్‌వర్క్ మారలేదు, వెతికే గుంపు మాత్రం చిన్నదైంది. వరుసలో వెనకున్నవాళ్లు ఆ అంకెలు చూసినా ఫరవాలేదు, ఎందుకంటే అవి పాస్‌వర్డ్ కావు. అయితే ఈ లెక్క ఒకరికొకరు సంబంధం లేని మనుషులకే వర్తిస్తుంది. ఒకే పోలికలున్న కవలలను ఇప్పటి నెట్‌వర్క్‌లు దాదాపు విడదీయలేవు, వాళ్లకు ఒకరి నంబరు మరొకరికి తెలిసే ఉంటుంది కూడా. అలాంటి ఇంట్లో పిన్ పెట్టుకోవడమే సరైన పని.

ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనా అన్నది ఇంకో ప్రశ్న. మంచి యంత్రంలో మామూలు కెమెరాతో పాటు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును పట్టే కెమెరా, లోతు కొలిచే సెన్సర్ ఉంటాయి. కాగితం ఫొటోకు ముక్కు ఎత్తు ఉండదు, లోతు సెన్సర్ దాన్ని పట్టేస్తుంది. ఫోన్ తెరపై ఫొటో చూపిస్తే ఆ తెర నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాదాపు రాదు, అందుకే ఆ కెమెరాకు నల్లటి పలక మాత్రమే కనిపిస్తుంది. మన రాయలసీమ ఎండలో చిక్కు ఇక్కడే వస్తుంది. సూర్యకాంతిలోనూ ఇన్‌ఫ్రారెడ్ బాగా ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర దాన్ని కొంత పీల్చేస్తుంది కాబట్టి చాలా సెన్సర్లు ఆ వెలుగునే వాడతాయి. అయినా మే నెల మధ్యాహ్నం తలుపుకు ఎదురుగా కౌంటర్ పెడితే కొనేవాళ్ల వీపు వెనక నుంచి వెలుగు దూసుకొచ్చి, ముఖం నల్లగా పడుతుంది. ఉదయం బాగా పనిచేసి మధ్యాహ్నం "మళ్లీ ప్రయత్నించండి" అంటుంటే యంత్రం పాడైందని అనుకోకండి, దాన్ని గోడ వైపు తిప్పి చూడండి.

ఇంతవరకు జరిగింది గుర్తించడమే. గుర్తుపట్టినంత మాత్రాన డబ్బు తీసుకునే హక్కు రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి అంటే మనిషి స్పష్టంగా చేసిన పని అయి ఉండాలంటుంది. కెమెరా ముందు నుంచి నడిచి వెళ్లడం అలాంటి పని కాదు.

సరిగ్గా కట్టిన కౌంటర్‌లో వరుస ఇలా ఉంటుంది. ఒకావిడ సోనా మసూరి బియ్యం, పల్లీలు, నూనె కొన్నారు, బిల్లు 1,840 రూపాయలు. ముందు ఆ మొత్తం ఖరారవుతుంది, దానికొక లావాదేవీ సంఖ్య పడుతుంది. ఆ తర్వాతే కెమెరా తెరుచుకుంటుంది. ముఖం కలిశాక కొనేవాళ్ల వైపున్న తెరపై దుకాణం పేరు, 1,840, ఏ ఖాతా నుంచి పోతుందో దాని చివరి అంకెలు కనిపిస్తాయి. ఆవిడ "చెల్లించు" నొక్కాలి. ఆ నొక్కుడు ఆ దుకాణానికి, ఆ మొత్తానికి, ఆ లావాదేవీ సంఖ్యకు మాత్రమే కట్టుబడి ఉండాలి. ఈలోగా బిల్లులో ఒక సబ్బు కలిపితే పాత సమ్మతి రద్దయి, కొత్త మొత్తంతో మళ్లీ అడగాలి. నొక్కే క్షణంలో తెర ముందు అదే ముఖం ఉందా అని కెమెరా ఇంకోసారి చూడాలి. లేకపోతే ఆవిడ సంచి సర్దుకుంటుండగా వెనకున్నాయన వేలు తగిలినా డబ్బు కట్ అవుతుంది. కొన్ని సెకన్లలో ఎవరూ నొక్కకపోతే తెర తనంతట తాను ఖాళీ కావాలి.

చెడిపోయేది ఎక్కువగా ఈ దశే. జనం ఎక్కువైనప్పుడు క్యాషియర్ "అక్కా, ఇట్ల చూడు చాలు, నేను నొక్కుతా" అని తన వైపు తెరపైనే పని ముగించేస్తాడు. అతనికి తొందరే తప్ప దురుద్దేశం ఉండకపోవచ్చు. అయినా అక్కడ ఒప్పుకున్నది అమ్మేవాడే, కొన్నావిడ కాదు. అమ్మేవైపు తెరపై "చెల్లించు" మీట ఉందంటే తప్పు ఆ యంత్రాన్ని అలా తయారుచేసినవాళ్లదే. ఇంటర్నెట్ మధ్యలో తెగినప్పుడు మరో తప్పు జరుగుతుంది: డబ్బు పోయిందో లేదో తెలియక మళ్లీ మొదటి నుంచి బిల్లు వేస్తారు, రెండుసార్లు కట్ అవుతుంది. పాత లావాదేవీ సంఖ్యతోనే మళ్లీ పంపితే బ్యాంకు వైపు వ్యవస్థ అది పాతదేనని గుర్తించి రెండోసారి తీసుకోదు. అందుకే అలాంటప్పుడు "కొత్త బిల్లు వద్దు, అదే సంఖ్య స్థితి చూడండి" అని అడగండి.

ముఖం నమోదుకు ఒప్పుకున్న సమ్మతిని, ఇచ్చినంత సులువుగా వెనక్కి కూడా తీసుకోగలగాలని ఆ డేటా రక్షణ చట్టమే చెబుతోంది. యాప్‌లో చెల్లింపు ఆపేస్తే సరిపోదు, మీ ముఖం నుంచి తయారైన అంకెల వరుస చెరిగిపోవాలి. తొలగించమని అడిగి, అది పూర్తయిందని సందేశం వచ్చాక, ఒకసారి కౌంటర్ ముందు నిలబడి మీ నాలుగు అంకెలు నొక్కి చూడండి. "నమోదు లేదు" అని రావాలి. మీ పేరు ఇంకా కనిపిస్తుంటే వాళ్లు దాన్ని చెరపలేదన్నమాట, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.