రోటా చుక్కలు వేయించినా విరేచనాలు ఎందుకు? అప్పుడు ఓఆర్ఎస్ ఎలా పట్టాలి?

"మా పాపకు రోటా చుక్కలు అన్ని డోసులూ వేయించాం, అయినా నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఇక టీకా ఎందుకు?" పిల్లల డాక్టర్ల దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే.

మన దేశంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో వేసే రోటా టీకాల్లో రోటావాక్ ఒకటి. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి సేకరించిన 116E అనే రకం వైరస్‌తో, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని తయారు చేసింది. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో రోటా టీకా మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో జరిగిన పెద్ద పరీక్షలో రోటావాక్ మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. ఇక్కడ 'తీవ్రమైన' అన్నదే అసలు విషయం. టీకా వేసుకున్న బిడ్డకు విరేచనాలు అసలే రావని కాదు. సెలైన్ ఎక్కించాల్సినంత దాకా వెళ్ళే అవకాశం బాగా తగ్గుతుంది. పైగా విరేచనాలు తెచ్చే క్రిములు ఇంకా చాలా ఉన్నాయి, వాటి మీద ఈ చుక్కలు పనిచేయవు. అందుకే టీకా వేయించిన ఇంట్లోనూ ఓఆర్ఎస్ పట్టడం తెలిసి ఉండాలి.

రోటా వైరస్ చిన్నపేగు లోపలి పొరలో నీటిని పీల్చుకునే కణాలను దెబ్బతీస్తుంది. మొదట వాంతులు, జ్వరం, ఆ తర్వాత నీళ్ళలాంటి మోషన్స్. ఈ వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. పేగు పొర కొన్ని రోజుల్లో తనంతట తానే కోలుకుంటుంది. ఈలోగా బిడ్డ ఒంట్లోంచి పోయే నీళ్ళను, లవణాలను తిరిగి ఇస్తూ ఉండాలి.

ఉత్త నీళ్ళు చాలవు. పేగు కణాల మీద ఉప్పులోని సోడియాన్ని, గ్లూకోజును జతగా లోపలికి తీసుకునే మార్గం ఒకటి ఉంటుంది. ఆ రెండూ లోపలికి వెళ్తే నీరు వాటి వెంటే వెళ్తుంది. రోటా వైరస్ చాలా కణాలను పాడుచేసినా మిగిలిన కణాల్లో ఈ మార్గం పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ లీటరులో సోడియం, గ్లూకోజు సమానంగా, 75 చొప్పున మిల్లీమోల్స్ ఉండేలా కూర్చింది ఇందుకే. చక్కెర ఎక్కువైతే కథ తిరగబడుతుంది. అది పేగులోకే నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు ఓఆర్ఎస్‌కు బదులు కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదనే. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఎనిమిది నెలల, ఎనిమిది కిలోల పాప అనుకుందాం. పొద్దున్నుంచి రెండు వాంతులు, నాలుగు మోషన్స్, కానీ హుషారుగానే ఉంది. లీటరు ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, కొలత ప్యాకెట్ మీదే ఉంటుంది. సగం పొడి గ్లాసులో, మిగతాది రేపటికి అంటే లెక్క తప్పుతుంది. రుచి కోసం చక్కెర గానీ ఉప్పు గానీ కలపొద్దు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి.

ప్రతి నీళ్ళ విరేచనం తర్వాత ఈ పాపకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. గ్లాసెడు ఒక్కసారి పడితే కక్కేస్తుంది. వాంతి చేసుకుంటే "ఇది పడటం లేదు" అని మానెయ్యకండి, పది నిమిషాలు ఆగి మళ్ళీ నిమిషానికో రెండు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టండి. మోషన్స్ వెంటనే ఆగవు. ఓఆర్ఎస్ పని మోషన్ ఆపడం కాదు, నీటి లోటు రాకుండా చూడటం. తల్లిపాలు మానకూడదు, మామూలుగా పెట్టే మెత్తటి తిండీ మానకూడదు. ఆశా కార్యకర్త ఇచ్చే జింక్ మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజూ 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి. మోషన్స్ ఆపే మందులు మాత్రం పసిపిల్లలకు వద్దు.

ఇంట్లో ప్యాకెట్ లేక షాపు దూరమైతే, లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపాలి. ప్యాకెట్ దొరికేదాకానే ఇది.

కళ్ళు లోపలికి పోయి, మాడు గుంటపడి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటుంటే నీళ్ళు తగ్గిపోయినట్టే. పాప మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, మోషన్‌లో రక్తం కనిపించినా ఇంట్లో చూసుకుందామని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారిలో చెంచా ఆపొద్దు, తాగగలిగినంత పడుతూనే వెళ్ళండి. రోటా చుక్కలు వేసిన తర్వాతి వారంలో బిడ్డ ఆగి ఆగి గట్టిగా ఏడుస్తూ, వాంతులతో మోషన్‌లో రక్తం కనిపిస్తే, అరుదుగానే అయినా పేగు ఒకదానిలోకి ఒకటి జొరబడి ఉండొచ్చు. అదీ అదేరోజు డాక్టరు చూడాల్సిందే.