ఆవకాయ సీసా మీద ఇటాలియన్ లేబుల్: కింద రాసిన ‘కంటెయిన్స్’ లైను చాలదు

ఎగుమతి సీసాల లేబుళ్లు ఇటాలియన్‌లోకి మార్చేవాళ్లు పదే పదే బోల్తా పడేది ఒక్క చోటే. ఇంగ్లీషు లేబుల్ అడుగున ‘కంటెయిన్స్: మస్టర్డ్, సెసమి, వీట్’ అని ఉంటుంది. దాన్ని ‘కొంతియేనె’ అని మార్చి, అలర్జెన్ల పని అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు.

యూరప్‌లో 2014 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉన్న 1169/2011 నిబంధన ప్రకారం, అలర్జీ తెప్పించే 14 రకాల పదార్థాల పేర్లు ఇంగ్రీడియెంట్స్ జాబితా లోపలే, మిగతా అక్షరాలకు తేడాగా కనబడాలి. బోల్డ్ చేయొచ్చు, పెద్దక్షరాలు వాడొచ్చు, వెనక రంగు వేయొచ్చు. జాబితా ఉన్న సీసా మీద మళ్లీ విడిగా ‘కొంతియేనె’ లైను పెట్టకూడదని యూరోపియన్ కమిషన్ 2017లో ఇచ్చిన వివరణ చెబుతోంది. అంటే ఆ లైను మీరు ఎంత చక్కగా అనువదించినా తీసేయాల్సిందే. జాబితా మొత్తాన్నీ పెద్దక్షరాల్లో కొట్టి, అలర్జెన్లు కూడా పెద్దక్షరాల్లోనే ఉన్నాయిగా అంటే కుదరదు. తేడా కనబడనప్పుడు అది గుర్తింపే కాదు.

గుంటూరు ఆవకాయ ఒక బ్యాచ్ తీసుకుందాం. 100 కిలోల్లో మామిడి ముక్కలు 50, నువ్వుల నూనె 20, కారం 10, ఉప్పు 9, ఆవపిండి 8, వెల్లుల్లి 2, మెంతులు 800 గ్రాములు, ఇంగువ 200 గ్రాములు. దీని ఇటాలియన్ జాబితా ఇలా వస్తుంది:

```
Ingredienti: mango 50%, olio di SESAMO,
peperoncino in polvere, sale, SENAPE in polvere,
aglio, fieno greco, asafetida composta
(farina di FRUMENTO, asafetida).
```

నూనెలో ‘సేసమో’ ఒక్కటే ఎత్తి చూపాం. అలర్జెన్ ఆ మాటే. ఇంగువ మొత్తంలో 0.2 శాతమే కదా, గోధుమపిండిని వదిలేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. పరిమాణం ఎంత తక్కువైనా అలర్జెన్ కనబడాల్సిందే. ఇంగువలో గోధుమపిండి, మైదా, బియ్యప్పిండి, గోందు ఏవి ఏ పాళ్లలో ఉన్నాయో తయారీదారుని అడిగి రాయించుకోండి. డబ్బా మీద చూసి ఊహించొద్దు. ‘గ్లూతినె’ అని రాస్తే సరిపోదు. ఏ ధాన్యమో, అంటే ‘ఫ్రుమెంతో’ అని పేరు పెట్టాలి.

వరుస సంగతి. అలర్జెన్లను ముందుకు తేవాలని కొందరు, ఇటాలియన్‌లో వినసొంపుగా ఉంటుందని ఇంకొందరు మార్చేస్తుంటారు. వరుస బరువును బట్టే, ఎక్కువ నుంచి తక్కువకి. ఆ బరువు కలిపేటప్పటిది. ముక్క ఊరి నీరు వదిలాక, నూనె పైకి తేలాక ఎంత అన్నది లెక్కలోకి రాదు. 2 శాతం కంటే తక్కువున్నవాటికి మాత్రం చివర్లో ఏ వరుసైనా పర్వాలేదు. మన బ్యాచ్‌లో మెంతులు, ఇంగువ అటూ ఇటూ కావచ్చు. సరిగ్గా 2 శాతమున్న వెల్లుల్లి మాత్రం కదలకూడదు.

ఇంతకంటే మోసం చేసేది ‘స్పైసెస్’ అన్న మాట. మన లేబుళ్లలో కారం, ఆవపిండి, మెంతులు కలిపి ‘స్పైసెస్ అండ్ కాండిమెంట్స్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇటాలియన్‌లో ‘స్పెత్సియే’ అని గుంపుగా రాయాలంటే మసాలా దినుసులన్నీ కలిపి 2 శాతం దాటకూడదు. ఆవకాయలో అది ఎక్కడ సాధ్యం? విడదీసి రాయాలి. కాబట్టి తయారీ పట్టిక లేకుండా అనువాదం మొదలుపెట్టకండి. పట్టిక ఇవ్వనంటే పని తిప్పి పంపడమే మేలు.

మాటల దగ్గర మూడు గోతులు. మస్టర్డ్ అంటే ‘సేనపె’. ‘మొస్తార్దా’ అని రాశారో, అది ఆవ ఘాటున్న పాకంలో వేసిన పండ్ల ముక్కలు. నట్స్ అంటే ‘నోచి’ కాదు, నోచి అంటే అక్రోట్ ఒక్కటే. జీడిపప్పైతే ‘అనకార్ది’ అని దాని పేరే రాయాలి, పల్లీలకు ‘అరాకిది’. నూనె శుద్ధి చేశామని పల్లీ, నువ్వుల నూనెలకు మినహాయింపేమీ లేదు. పూర్తిగా శుద్ధి చేసిన సోయా నూనెకే ఉంది. ఇక ప్రిజర్వేటివ్‌ని ‘ప్రెజెర్వతీవో’ చేస్తే ఇటలీ దుకాణదారు కాసేపు నవ్వుకుంటాడు, అది నిరోధ్. రాయాల్సింది ‘కొన్సెర్వాంతె’.

పోషక విలువల పట్టికలో సోడియం ఉంటే 2.5తో గుణించి ‘సాలె’ కింద వేయాలి. అక్షరాల్లో చిన్న ఎక్స్ ఎత్తు 1.2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అన్నిటికన్నా పెద్ద ముఖం 80 చదరపు సెంటీమీటర్ల కంటే చిన్నగా ఉన్న సీసాకు 0.9 చాలు. ప్రింటుకు వెళ్లే ముందు ఆఖరి ప్రూఫ్ మీరే చూడండి. డిజైనరు ఫాంటు మార్చినప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ బోల్డే.